వైవా సరే, ఈ ‘వోస్’ ఏమిటి సార్?

(గుంటూరులో పరిశోధక విద్యార్థుల సమావేశంలో ఒక రిటైర్డ్ కామర్స్ ప్రొఫెసర్ చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసినది. అక్కడక్కడ కుదించాం.)

అందరికీ నమస్కారం. మైకు కాస్త కిందికి దించు బాబూ. ఆ, చాలు. వెనక వరసలో వాళ్ళకి వినిపిస్తోందా? ఫ్యాను చప్పుడు ఎక్కువగా ఉంటే చేయి ఎత్తండి, గొంతు పెంచుతాను.

నన్ను పిలిచినవాళ్ళు ‘థీసిస్ మూల్యాంకనలో నూతన ధోరణులు’ అని అంశం ఇచ్చారు. దాని మీద మాట్లాడితే పది నిమిషాల్లో మీలో సగం మంది ఫోన్లు బయటకు తీస్తారు. అందుకని ఆ అంశం పక్కన పెట్టి, నాకు వచ్చిన ఒక ఉత్తరం చదువుతాను. రాసిన అమ్మాయిని అడిగే తెచ్చాను, పేరు మాత్రం చెప్పను. ఊరు ప్రత్తిపాడు వైపు. నాన్న మిరప రైతు. ఆ ఇంట్లో డిగ్రీ దాటి చదివిన మొదటి మనిషి ఆమే. నేను ఆమె గైడును కాను. ఎమ్.కామ్.లో రెండేళ్ళు పాఠం చెప్పాను, అంతే.

ఉత్తరం ఇదీ.

“గౌరవనీయులైన మాస్టారికి నమస్కారాలు. మీరు ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. నా థీసిస్ రిపోర్టులు రెండూ వచ్చాయట. వచ్చే నెల 14న ఉదయం 11 గంటలకు వైవా వోస్ పరీక్షకు రమ్మని యూనివర్సిటీ నుంచి కాగితం వచ్చింది. వైవా అంటే తెలుసు సార్. మా తమ్ముడికి బీఎస్సీ ప్రాక్టికల్స్‌లో రికార్డు చూసి రెండు ప్రశ్నలు అడిగేవారు. ఈ ‘వోస్’ ఏమిటో తెలియడం లేదు. వాయిస్ అని కొట్టబోయి తప్పు పడిందేమో అనుకున్నాను. గొంతు రికార్డు చేస్తారా? దీనికి సిలబస్ ఉంటుందా? ఎన్ని మార్కులు? ఇంగ్లీషులో తడబడితే తీసేస్తారా? మా గైడ్ గారిని అడుగుదామంటే, ఐదేళ్ళు చేసి ఇది కూడా తెలియదా అంటారని భయం. ఇంకొకటి సార్, ఆ రోజు అందరికీ భోజనాలు నేనే పెట్టాలంటున్నారు. ఎంత అవుతుందో చెబితే నాన్నకు ముందుగా చెప్పుకుంటాను.”

నవ్వకండి. నవ్వినవాళ్ళలో ఎంతమందికి ఆ మాట అర్థం తెలుసో చేతులెత్తమంటే హాలు ఖాళీగా కనిపిస్తుంది. నాకూ నా వైవా అయిపోయిన చాలా ఏళ్ళకు గానీ తెలియలేదు. అడగడానికి సిగ్గుపడి నేను అడగలేదు, ఆమె అడిగింది. తేడా అదే.

ముందు మాట సంగతి చూద్దాం. అది లాటిన్. ‘వీవా’ అంటే ప్రాణమున్న. ‘వోచే’ అంటే గొంతుతో. కాగితం మీద సిరాతో కాకుండా, మనిషి ఎదురుగా నిలబడి నోటితో చెప్పడం అన్నమాట. మనం మౌఖిక పరీక్ష అంటాం. ఆమె ఊహ ఎంత దగ్గరకు వచ్చిందో చూడండి. ఇంగ్లీషులో వాయిస్ అనే మాట పుట్టింది కూడా ఆ లాటిన్ మాట నుంచే. టైపు తప్పు కాదు గానీ చుట్టరికం నిజమే.

ఇంకో సంగతి చెబితే మీకు బాగుంటుంది. ఆ లాటిన్ మాటలు రెండూ మనకు దాయాదులే. భాషాశాస్త్రం చదివినవాళ్ళను అడగండి, అక్కడి ‘వీవా’కూ సంస్కృతంలో ‘జీవ’కూ మూలం ఒకటే అంటారు. అక్కడి ‘వోచే’కూ ఇక్కడి ‘వాక్కు’కూ మూలం ఒకటే. కాబట్టి వైవా వోస్‌ని అక్షరాలా తెలుగు చేస్తే జీవవాక్కు. యూనివర్సిటీ కాగితంలో “తమరు 14న జీవవాక్కుకు హాజరు కాగలరు” అని వచ్చి ఉంటే ఆ అమ్మాయి ఇంకా హడలిపోయేది, అది వేరే విషయం. ఎలా పలకాలి అంటారా? ఇంగ్లీషువాళ్ళు వైవా వోచీ అంటారు, వైవా వోసీ అనీ అంటారు. మన దగ్గర వైవా వోస్ స్థిరపడిపోయింది. అలా పలికినందుకు ఎవరూ ఎవరినీ ఫెయిల్ చేయరు.

సిలబస్ ఉంటుందా అని అడిగింది కదా. ఉంటుంది. ఆమె థీసిస్సే సిలబస్. మార్కులు లేవు. డిగ్రీకి సిఫారసు చేస్తున్నారా లేదా, అంతే తేలుతుంది. అయితే ఆ రోజుకు ముందే సగం కథ నడిచిపోయి ఉంటుందన్న సంగతి చాలామంది స్కాలర్లకు తెలియదు. అది చెబుతాను.

యూజీసీ 2022 నవంబరులో పీహెచ్‌డీ నిబంధనలు కొత్తగా ప్రకటించింది. వాటి ప్రకారం మీ థీసిస్‌ను మీ గైడుతో పాటు కనీసం ఇద్దరు బయటి పరీక్షకులు చదవాలి. వాళ్ళు మీ యూనివర్సిటీ ఉద్యోగులు అయి ఉండకూడదు. ఆ ఇద్దరూ సరేనంటేనే వైవా పెడతారు. ఒకరు కాదంటే ప్యానెల్లో ఉన్న ఇంకొకరికి పంపుతారు. ఆయనా కాదంటే థీసిస్ అక్కడితో ఆగిపోతుంది, వైవా దాకా రాదు. కాబట్టి నీకు తేదీ వేశారంటే ఏమిటి అర్థం? నీ పని పనికొస్తుందని నిన్ను చూడకుండానే ఇద్దరు కాగితం మీద రాసి సంతకం పెట్టారు అని. మిగిలిన ప్రశ్న ఒక్కటే. ఈ పని చేసింది నువ్వేనా, చేసినదాంట్లో ఏది గట్టిది, ఏది కాదు అన్నది నీకు తెలుసా.

మన శాస్త్ర సభల్లో వాదం వేరు. శ్రీనాథుడు గౌడడిండిమభట్టును ఓడించి కంచుఢక్క పగలగొట్టించాడని చెప్పుకుంటాం. అక్కడ ఒకరు గెలవాలంటే ఇంకొకరు ఓడాలి. వైవాలో పగలగొట్టడానికి ఢక్క లేదు. అవధానంలో అప్రస్తుత ప్రసంగి ఉంటాడు, అవధాని ధ్యాస చెదరగొట్టడమే ఆయన పని. వైవాలో ఆ పాత్ర కూడా లేదు. లేకపోయినా సొంతంగా తీసుకునేవాళ్ళు ఒకరిద్దరు ఉంటారనుకోండి. వాళ్ళ ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు చెప్పి ఎక్స్‌టర్నల్, అంటే వైవాకు వచ్చిన బయటి పరీక్షకుడి వైపు తిరగండి.

ఆ ఇద్దరు పరీక్షకులు పంపే రిపోర్టులున్నాయే, అవి ముఖ్యం. వైవాకు వాటిలోని విమర్శలు కూడా ఆధారం కావాలని అంతకుముందున్న 2016 నిబంధనల్లో స్పష్టంగా రాశారు. అంటే ప్రశ్నాపత్రంలో కొంత భాగం ముందే బయటకు వచ్చేసిందన్నమాట. అయినా చాలామంది రిపోర్టు ‘పాజిటివా నెగటివా’ అని అడిగి ఊరుకుంటారు. రెండో పేజీలో ఏం రాశారో చూడరు. నేను ఆ అమ్మాయికి ఫోను చేసి మొదట చెప్పిన మాట ఇదే. “అమ్మా, గైడ్ గారిని ఆ రిపోర్టుల్లో ప్రశ్నలు అడిగి తీసుకో. ఒక్కో ప్రశ్నకు ఒక్కో కాగితం పెట్టుకో.” ఐదేళ్ళు చేసి ఇది తెలియదా అని ఆయన అనలేదట. ప్రశ్నలు జిరాక్సు తీసి ఇచ్చారు.

ఇక ఆమె థీసిస్‌లోకి వెళ్దాం. మిరప రైతులు కాయ కోశాక వెంటనే మిర్చి యార్డుకు తోలి అమ్ముతారా, కోల్డ్ స్టోరేజీలో పెట్టి ధర కోసం ఆగుతారా? ఆగలేనివాళ్ళు ఎందుకు ఆగలేరు? కమీషన్ ఏజెంటు దగ్గర తెచ్చిన అప్పు దానికి ఎంతవరకు కారణం? ఇదీ విషయం. గుంటూరులో కూర్చుని దీని గొప్పతనం నేను మీకు చెప్పక్కర్లేదు. ఫిబ్రవరిలో యార్డు వైపు వెళ్తే టిక్కీలతో లారీలు రోడ్డు మీదే ఆగి ఉంటాయి, తుమ్ములు వచ్చేది మీకే.

ఆమె మూడు మండలాలు తీసుకుంది. మండలానికి నాలుగు ఊళ్ళు, ఊరికి ఇరవై మంది రైతులు. మొత్తం 240. ఒక పరీక్షకుడు రిపోర్టులో ఈ 240 మీదే అడిగారు. జనాభా పెద్దదైతే, అంకె ఐదు శాతానికి మించి అటూ ఇటూ పోకూడదంటే సుమారు 400 మంది కావాలి కదా, 240 ఎలా సరిపోయింది అని.

ఆమె నాతో అన్న మొదటి జవాబు ఏమిటో తెలుసా? “మా గైడ్ గారు చాలన్నారు సార్.” ఇది వైవాలో చెప్పకూడని జవాబుల్లో మొదటిది. గైడ్ గారు ఎదురుగానే కూర్చుని ఉంటారు. పరీక్ష ఆయనకు కాదు. మీరా మాట అన్నారంటే ఇద్దరినీ ఇరకాటంలో పెట్టినట్టు.

నిజమైన జవాబు ఏమిటని నేను అడిగితే, కాసేపు ఆగి చెప్పింది. ఒక ఊళ్ళో ఇరవై మందిని కలవడానికి ఆమెకు నాలుగు రోజులు పట్టేది. పొద్దున బస్సులో వెళ్ళి చీకటి పడేలోపు తిరిగి రావాలి. పన్నెండు ఊళ్ళకు దగ్గర దగ్గర యాభై రోజులు. కోత సీజను దాటితే రైతు లెక్కలు మరచిపోతాడు. అందుకని అక్కడ ఆపింది. ఇది సిగ్గుపడాల్సిన జవాబు కాదు. దానికి ఇంకొక్క వాక్యం చేరిస్తే చాలు. 240తో తేడా ఎంత వస్తుంది? ఒకటిని 240 వర్గమూలంతో భాగించండి. వర్గమూలం పదిహేనున్నర. సుమారు ఆరున్నర శాతం వస్తుంది. “సార్, నా అంకెలకు ఐదు శాతం కాదు, ఆరున్నర శాతం అటూ ఇటూ చూసుకోవాలి. నా ప్రధాన ఫలితం సగం మంది, పావు మంది అనే పెద్ద తేడా మీద నిలబడింది కాబట్టి దానికి ఇది చాలు. యాభై శాతమా యాభై మూడా అని తేల్చాలంటే మాత్రం చాలదు.” ఇలా చెప్పిన స్కాలరును ఏ ఎక్స్‌టర్నల్ కూడా ఆ ప్రశ్న మీద రెండోసారి తిప్పి అడగడు.

ఇంతవరకు రిపోర్టులో ఉన్న ప్రశ్న. రిపోర్టులో లేనిది ఇంకొకటి దొరికింది. అసలు నేను ఇవాళ చెప్పాలనుకున్నది దీని గురించే.

వైవాకు ముందు థీసిస్‌ను పరాయివాడిలా చదవమన్నాను. కాల్‌క్యులేటరు పక్కన పెట్టుకుని ప్రతి టేబులూ నిలువుగా కూడమన్నాను. చిన్నపిల్లల పనిలా ఉంటుంది గానీ, పరీక్షకులు చేసేది అదే. నేనూ పరీక్షకుడిగా వెళ్ళినప్పుడు రైల్లో కూర్చుని చేసింది అదే. సాహిత్య సమీక్ష చదవడం కన్నా టేబుల్ కూడటం తొందరగా అవుతుంది, తప్పు ఉంటే అక్కడే బయటపడుతుంది.

రెండో రోజు రాత్రి తొమ్మిదింటికి ఫోను. గొంతు వణుకుతోంది. “సార్, 4.6 టేబుల్ కూడితే 240 రావడం లేదు.”

ఆ టేబుల్ ఏమిటంటే, రైతుకు ప్రధానమైన అప్పు ఎవరి దగ్గర ఉంది అన్నది. కమీషన్ ఏజెంటు దగ్గర 131 మంది. బ్యాంకులో 62. అప్పు లేదన్నవాళ్ళు 45. కూడండి. 238. కింద మొత్తం దగ్గర మాత్రం 240 అని, పక్కన 100 శాతం అని అచ్చు వేసింది. శాతాలు కట్టింది 240 మీద. 54.6, 25.8, 18.8. వాటిని కూడితే 99.2. వందకు తక్కువ రావడం ఒక్కోసారి దశాంశాల సర్దుబాటు వల్ల జరుగుతుంది, కానీ దానివల్ల పోయేది 0.1 దాకానే. 0.8 పోయిందంటే అక్కడ మనుషులు తప్పిపోయారని అర్థం.

“ఇద్దరు ఎక్కడికి పోయారమ్మా?” అన్నాను. ప్రశ్నావళి కట్టలు అటక మీద ఉన్నాయట. మర్నాడు దించి వెతికింది. ఇద్దరు రైతులు ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేదు, గడి ఖాళీగా ఉంది. కంప్యూటరు వాటిని వదిలేసింది, ఈమె చేత్తో మొత్తం 240 వేసేసింది. అంతే జరిగింది. ఇందులో మోసం లేదు, అజాగ్రత్త ఉంది.

చాలామంది ఇక్కడ ఆగిపోతారు. ‘జవాబు చెప్పనివారు 2’ అని ఒక వరస చేర్చి ఊపిరి పీల్చుకుంటారు. నేను ఇంకొక్క ప్రశ్న వేశాను. ఆ ఇద్దరినీ ఎక్కడ కూర్చోబెట్టి అడిగావు?

ఆమెకు ఒక మంచి అలవాటు ఉంది. ప్రతి ప్రశ్నావళి పైన మూలన పెన్సిలుతో తేదీ, చోటు రాసుకునేది. ‘ఇంటి అరుగు’, ‘కళ్ళం’, ‘చెరువు గట్టు’. ఆ ఇద్దరి కాగితాల మీద ‘యార్డు, కొట్లో’ అని ఉంది. కోతల సమయంలో ఇంటి దగ్గర దొరకని రైతులను యార్డులో పట్టుకుని అడిగింది. కొట్లో అంటే ఎవరి కొట్లో? కమీషన్ ఏజెంటు కొట్లో. ఆయన పక్కనే గుమాస్తాతో లెక్క రాయించుకుంటున్నాడు. ఈ పిల్ల రైతును అడుగుతోంది, “మీకు ఏజెంటు దగ్గర అప్పు ఉందా అండీ?” అని. ఆయన ముందు ఏం చెబుతాడు రైతు? చెప్పకుండా ఊరుకోవడమే ఒక జవాబు.

అప్పుడు మొత్తం కట్టలు తిరగేయించాను. 240లో 31 మందిని అలా యార్డులో అడిగింది. వాళ్ళలో ఇద్దరు నోరు విప్పలేదు. మిగిలిన 29 మందిలో అప్పు లేదన్నవాళ్ళు 12 మంది. ఇళ్ళ దగ్గర, కళ్ళాల దగ్గర జవాబు చెప్పిన 209 మందిలో అప్పు లేదన్నవాళ్ళు 33. శాతాల్లో చూడండి. కొట్లో అడిగితే వందకు 41 మంది అప్పు లేదంటున్నారు. ఇంట్లో అడిగితే వందకు 16 మంది కూడా లేరు.

[సభలో నవ్వులు]

నవ్వొస్తుంది గానీ, ఆ పిల్లకు ఏడుపొచ్చింది. థీసిస్ మునిగిందనుకుంది. మునగలేదు. యార్డు కాగితాలన్నీ పక్కన పెట్టి, మిగిలిన 209 మందితో లెక్క వేయమన్నాను. కమీషన్ ఏజెంటు దగ్గర అప్పు ఉన్నవాళ్ళు 118. అంటే 56.5 శాతం. అన్నీ కలిపి 238 మీద లెక్కిస్తే 55. ఆమె చెప్పిన ప్రధానమైన మాట, సగానికి పైగా రైతులు ఏజెంటు అప్పులో ఉన్నారన్నది, అలాగే నిలబడింది. పైగా కాస్త గట్టిపడింది. తప్పు ఫలితాన్ని ఏ దిక్కుకు లాగుతోందో తెలిస్తే సగం భయం పోతుంది.

జాగ్రత్త కూడా చెప్పాను. 29 మంది చిన్న గుంపు. యార్డుకు ముందుగా వచ్చినవాళ్ళు నిజంగానే అప్పు తక్కువ ఉన్నవాళ్ళేమో కూడా, ఎవరు చెప్పొచ్చారు? ‘ఏజెంటు ఎదురుగా ఉన్నాడు కాబట్టే అబద్ధం చెప్పారు’ అని వైవాలో అనకు. ‘అడిగిన చోటును బట్టి జవాబు మారినట్టు కనిపిస్తోంది, కారణం ఇదని నా దగ్గర ఉన్న సమాచారంతో తేల్చలేను’ అను.

(ఈ దశలో సభలో ఒకరు అడిగారు: “సార్, రిపోర్టుల్లో ఎవరూ ఆ టేబుల్ గురించి రాయలేదు కదా. మనమే బయటపెట్టుకోవడం ఎందుకు?”)

మంచి ప్రశ్న. నిజాయితీ గురించి ఉపన్యాసం ఇవ్వను, లెక్క చెబుతాను. థీసిస్ ఆమోదం పొందాక దాని ఎలక్ట్రానిక్ కాపీ శోధ్‌గంగ అనే థీసిస్‌ల వెబ్‌సైట్లో పెడతారు. అక్కడ ఎవరైనా తెరిచి కూడుకోవచ్చు. రేపు మీరు ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్తే అక్కడి బోర్డు మెంబరు తెరుస్తాడు. అప్పుడు జవాబు చెప్పడం కష్టం, ఇప్పుడు తేలిక. ఎందుకంటే వైవా అయ్యాక చిన్న సవరణలు చేసి ఇచ్చే అవకాశం ఉంటుంది. ఇంకోటి, ఎక్స్‌టర్నల్ దాన్ని పట్టుకోలేదని మీకెలా తెలుసు? కొందరు రిపోర్టులో రాయరు. ఎదురుగా అడగడానికి దాచుకుంటారు. నేనూ దాచుకునేవాణ్ణి.

ఆమె గైడుకు ముందు చెప్పింది. ఆయన అనుమతితో తప్పొప్పుల పట్టిక ఒక పేజీ టైపు చేయించి నాలుగు కాపీలు తీసుకెళ్ళింది. స్లైడ్లు మొదట 58 చేసింది. నేను 18కి కోయించాను. ఇరవై నిమిషాల్లో 58 స్లైడ్లు చూపిస్తే చూసేవాళ్ళకు రైలు కిటికీలోంచి ఊళ్ళు చూసినట్టు ఉంటుంది. ఆ 18లో ఒకటి 4.6 టేబుల్, సరిచేసినది.

ఇంగ్లీషు సంగతి అడిగింది కదా. మన దగ్గర థీసిస్ ఇంగ్లీషులో రాస్తే వైవా కూడా ఇంగ్లీషులోనే నడుస్తుంది. ఆమెకు చదవడం, రాయడం వచ్చు, మాట తడబడుతుంది. పొడుగు వాక్యాలు బట్టీ పట్టొద్దన్నాను. మధ్యలో ఒక ముక్క మరిచిపోతే మొత్తం కూలుతుంది. చిన్న వాక్యాలు చాలు. ‘ఇది అడిగాను, ఇంతమంది ఇలా చెప్పారు, ఇక్కడ నాకు సందేహం ఉంది.’ ప్రశ్న అర్థం కాకపోతే మళ్ళీ అడగమనండి, అది నేరం కాదు. ప్రశ్నను మీ మాటల్లో తిరిగి చెప్పి ‘ఇదేనా సార్ మీరడిగింది’ అనండి, ఆలోచించుకోవడానికి పది సెకన్లు దొరుకుతాయి. రైతు అన్న మాటను మాత్రం తెలుగులోనే చెప్పి, తరువాత ఇంగ్లీషులో చెప్పమన్నాను. ‘ఆగే శక్తి ఉంటే అప్పెందుకు తెస్తానమ్మా’ అన్న రైతు మాటను ఇంగ్లీషులో మొదలుపెడితే చప్పగా ఉంటుంది.

14వ తేదీన నేనూ వెళ్ళాను, వెనక వరసలో కూర్చున్నాను. మన దగ్గర వైవాలు బహిరంగంగానే జరగాలి. సలహా కమిటీ వాళ్ళు, అధ్యాపకులు, ఇతర స్కాలర్లు, విద్యార్థులు ఎవరైనా వచ్చి వినొచ్చు. మీలో ఇంతవరకు ఇంకొకరి వైవాకు వెళ్ళనివాళ్ళు ఈ నెలలోనే ఒకదానికి వెళ్ళండి. అక్కడ కూర్చుంటే నా ఉపన్యాసం అవసరం ఉండదు. ఆమె వాళ్ళ నాన్న కూడా వచ్చారు. నిబంధనల్లో తల్లిదండ్రుల మాట లేదు, అలాగని తలుపు దగ్గర ఎవరూ ఆపలేదు.

ఎక్స్‌టర్నల్ 240 గురించి అడిగారు, జవాబు విని తల ఊపారు. టేబుల్ దగ్గర ఆమె తనంతట తానే ఆగి, తప్పు ఇదీ, ఎలా వచ్చిందంటే ఇదీ, సరిచేస్తే ఇలా అవుతుంది అని చెప్పింది. తప్పొప్పుల పట్టిక ఇచ్చింది. ఆయన ఆ పేజీ మీద చాలాసేపు కళ్ళు పెట్టారు. తరువాత మేమెవ్వరం ఊహించని ప్రశ్న వేశారు. “ఒక ఊళ్ళో ఇరవై మందీ ఒకే ఏజెంటు దగ్గరకు వెళ్ళేవాళ్ళయితే, ఇరవై మందిని అడిగినట్టా, ఒక ఏజెంటు గురించి ఇరవై సార్లు విన్నట్టా?”

గట్టి ప్రశ్న. ఊరు ఊరంతా ఒకే దారిలో నడిస్తే 240 మంది జవాబులు 240 విడి జవాబులు కావు. ఇందాక ఆరున్నర శాతం అన్నామే, ఆ లెక్క విడివిడిగా ఎంచుకున్న మనుషులకు. ఇలా గుంపులుగా తీసుకుంటే తేడా ఇంకా పెరుగుతుంది. ఈ జవాబు నేను ఆమెకు చెప్పి పంపలేదు, నాకే తట్టలేదు. ఆమె కాసేపు నిలబడి, “ఏజెంటు పేరు నేను అడగలేదు సార్. అడిగితే రైతులు అసలు మాట్లాడరేమోనని భయపడ్డాను. కాబట్టి ఎంతమంది ఒకే ఏజెంటు దగ్గర ఉన్నారో నా దగ్గర లెక్క లేదు. ఇది పరిమితుల్లో రాయాల్సింది, రాయలేదు” అంది. ఆయన ‘రాయండి’ అన్నారు. ఆ అధ్యాయంలో రెండు పేరాలు చేర్చమని, టేబుల్ మార్చమని బోర్డు చెప్పింది. డిగ్రీకి సిఫారసు చేస్తున్నట్టు అప్పుడే ప్రకటించారు.

మిగిలింది భోజనాల ప్రశ్న. బయటి పరీక్షకుడి రాకపోకల ఖర్చు, ఆయన పారితోషికం యూనివర్సిటీ ఇస్తుంది. స్కాలరు పెట్టాల్సింది కాదు. అయినా శాలువాలు, బొకేలు, ముప్పై మందికి బిర్యానీ అనే ఆచారం మన దగ్గర పెరిగిపోయింది. ఫెలోషిప్పు లేని పిల్లలు దాని కోసం అప్పు చేయడం నేను చూశాను. అప్పుల మీద థీసిస్ రాసినదానివి, నువ్వూ అప్పు చేయకు అన్నాను. టీ, బిస్కెట్లు పెట్టింది. వాళ్ళ నాన్న ఊరుకోలేదు, బయట బండి దగ్గర మిరపకాయ బజ్జీలు పొట్లం కట్టించి తెచ్చారు.

ఎక్స్‌టర్నల్ గారు బజ్జీ తింటూ, రెండో చేత్తో ఆ పెన్సిలు రాతల ప్రశ్నావళులు తిప్పుతున్నారు. మధ్యలో తలెత్తి, “ఈ 240 మందిలో మీ నాన్నగారు ఉన్నారా అమ్మా?” అన్నారు.

“లేరు సార్. మా ఊరు తీసుకోలేదు.”

“ఎందుకని?”

“మా ఊళ్ళో నాకు అప్పుల సంగతి ఎవరూ నిజం చెప్పరు సార్.”

పక్కనే టీ గ్లాసులు అందిస్తున్న వాళ్ళ నాన్న ఏమీ అనకుండా ఇంకో గ్లాసు నింపారు.